ఒక గెస్ట్ వెళ్లి ఇంకొకరు వచ్చేలోపు ఐదు గంటలు: లాండ్రీ, సామాన్లు, డ్యామేజీ ఏ వరుసలో చూసుకోవాలి?

ప్రశ్న: మాది రెండు బెడ్‌రూములు, రెండు బాత్రూములున్న ఇల్లు. హాలిడే రెంటల్‌గా ఇస్తున్నాం. ఉదయం 11కి ఒకరు ఖాళీ చేస్తే సాయంత్రం 4కి ఇంకొకరు దిగుతారు. గదివారీగా చెక్‌లిస్ట్ రాసుకున్నా చివరి అరగంట పరుగులే. దుప్పట్లు ఇంకా తడిగా ఉంటాయి, ఏదో ఒక సామాను అయిపోయి ఉంటుంది, ఏం పాడైందో తర్వాతి గెస్ట్ చెప్తే గానీ తెలియడం లేదు. మీరు ఎలా చేస్తారు?

జవాబు:

చెక్‌లిస్ట్‌ను గడియారం వరుసలో రాసుకోండి. మొదటి పావుగంట ఏ వస్తువునూ కదపకుండా డ్యామేజీ చూసి ఫొటోలు తీయడానికి. తర్వాతి ఇరవై నిమిషాలు పక్కలన్నీ ఊడదీసి మాసిన బట్టలు వేరు చేయడానికి. ఆ తర్వాతే చీపురూ మాపూ పట్టుకోవాలి. సామాన్లు నింపడం క్లీనింగ్ పూర్తయ్యాక. చివరి ఇరవై నిమిషాలు గెస్ట్ లాగా తలుపు దగ్గర నుంచి ఒక రౌండ్. వీటన్నిటి కన్నా ముందు కుదుర్చుకోవాల్సింది ఒకటుంది: ఈ రోజు ఉతికిన దుప్పటి ఈ రోజే పక్క మీదకు ఎక్కే అవసరం ఉండకూడదు. మీ చివరి అరగంట టెన్షన్‌కు అసలు కారణం అదే అనిపిస్తోంది. అందుకే లాండ్రీతోనే మొదలుపెడతాను.

లాండ్రీ లెక్క ఎందుకు కుదరదు

మీ ఇంట్లోనే లెక్క వేద్దాం. రెండు డబుల్ బెడ్లు, నలుగురు గెస్టులు అనుకోండి. ఒక్కో పక్కకు ఒక బెడ్‌షీట్, ఒక కంఫర్టర్ కవర్, నాలుగు దిండు గలీబులు. కాటన్ అయితే ఒక పక్క సెట్ సుమారు రెండున్నర కిలోలు తూగుతుంది, రెండు పక్కలకు ఐదు కిలోలు. నాలుగు పెద్ద టవళ్లు, నాలుగు చిన్న టవళ్లు, రెండు బాత్ మ్యాట్లు, వంటింటి గుడ్డలు కలిపితే ఇంకో నాలుగు, నాలుగున్నర కిలోలు. మీది 7 కిలోల మెషీన్ అయినా రెండు విడతలు తప్పవు. కంఫర్టర్ కవర్లు మిగతా బట్టల్ని తమలోకి లాగేసుకుని ఉండలు కడతాయి కాబట్టి, డ్రమ్ము నిండా కుక్కితే మధ్యలో ఉన్నవి సరిగా శుభ్రపడవు.

60 డిగ్రీల వేడి నీళ్లతో కాటన్ ప్రోగ్రామ్ పెడితే చాలా మెషీన్లు రెండు గంటలు తీసుకుంటాయి. డ్రయర్‌కు గంటన్నర అనుకోండి. డ్యామేజీ చూసి, పక్కలు ఊడదీసి, 11:35కి మొదటి విడత వేశారు. 1:35కి అది అయి డ్రయర్‌లోకి వెళ్తుంది, రెండోది మెషీన్‌లోకి వెళ్తుంది. రెండోది 3:35కి బయటికొస్తుంది. అది ఆరేసరికి 5 దాటుతుంది. గెస్ట్ 4కే తలుపు దగ్గర ఉంటారు. ఈ లెక్కలో మీరు ఎంత చురుగ్గా కదిలినా ఒరిగేదేమీ లేదు, ఎందుకంటే ఆలస్యం మీది కాదు, మెషీన్‌ది. ఎండలో ఆరేసేవాళ్లకు వాతావరణం కూడా తోడవుతుంది.

మార్గం ఒకటే: ప్రతి పక్కకూ మూడు సెట్లు. ఒకటి పక్క మీద, ఒకటి అల్మారాలో సిద్ధంగా, ఒకటి ఉతుకులో. టవళ్లకూ అదే లెక్క. రెండు సెట్లతో కూడా బండి నడుస్తుంది గానీ, ఒక్క మరక వదలకపోతే, లేదా ఒక్క రోజు మెషీన్ మొరాయిస్తే మళ్లీ మొదటికే వస్తారు. మూడు సెట్లుంటే ఈ రోజు మాసినవి సంచిలో వేసుకుని వెళ్లి రేపు తీరిగ్గా ఉతుక్కోవచ్చు. బయట లాండ్రీకి ఇస్తే ఇచ్చేటప్పుడు బరువుతో పాటు ముక్కల లెక్క కూడా రాసి పెట్టుకోండి. తిరిగొచ్చేటప్పుడు తగ్గేవి ఎప్పుడూ గలీబులూ చిన్న టవళ్లే.

మడతపెట్టేటప్పుడే ఒక పక్కకు కావాల్సినవన్నీ ఒకే మూటగా కట్టండి. బెడ్‌షీట్, కంఫర్టర్ కవర్, మూడు గలీబులు మడతపెట్టి నాలుగో గలీబులో దూర్చేస్తే అదే మూట. పక్క వేసే రోజు అల్మారాలో వెతుకులాట ఉండదు, ఒక మూట తీస్తే ఒక పక్క తయారు. ఏదైనా ముక్క తక్కువైతే కూడా మూట కట్టేటప్పుడే తెలుస్తుంది, గెస్ట్ వచ్చే గంట ముందు కాదు. పక్కల సైజులు వేరువేరుగా ఉంటే షీటు మూలన రంగు దారంతో రెండు కుట్లు వేసి పెట్టండి. షీటు విప్పి పరిచి, చిన్నదని తెలుసుకుని మళ్లీ మడతపెట్టే పని తప్పుతుంది.

మరకల సంచి వేరుగా

పక్క ఊడదీసేటప్పుడు షీటును దులపకండి. నాలుగు మూలల నుంచి మధ్యకు చుట్టుకుంటూ రండి. ఇయర్‌బడ్లు, ఉంగరాలు, చార్జర్లు దొరికేది అక్కడే, దులిపితే మంచం వెనక్కి పోతాయి. చుడుతున్నప్పుడే మరక కనిపిస్తుంది. మరక ఉన్న ముక్క మామూలు సంచిలోకి వెళ్లకూడదు, దానికి వేరే రంగు సంచి పెట్టండి. మరక చూడకుండా ఉతికి, డ్రయర్‌లో వేశామంటే ఆ వేడికి అది గుడ్డలో స్థిరపడిపోతుంది. అందుకే ఉతికాక డ్రయర్‌లో వేసే ముందు ఇంకోసారి వెలుగులో చూడాలి. పోకపోతే తడి మీదే మళ్లీ పని చేయాలి.

రక్తం మరకకు వేడి నీళ్లు వాడకండి, వేడి తగిలితే అందులోని ప్రొటీన్ గట్టిపడి దారానికి అంటుకుంటుంది. చల్లటి నీళ్లలో నానబెట్టి, తెల్ల గుడ్డ అయితే మందుల షాపులో దొరికే 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ వేసి, నురగ ఆగాక చల్లటి నీళ్లతోనే జాడించాలి.

హాలిడే ఇళ్లలో ఎక్కువ బట్టల్ని పాడు చేసేది సన్‌స్క్రీన్. ఇది చాలామందికి తెలియదు కాబట్టి కొంచెం వివరంగా చెప్తాను. చాలా సన్‌స్క్రీన్లలో అవోబెంజోన్ అనే పదార్థం ఉంటుంది. అది నీళ్లలోని ఇనుముతో కలిస్తే తుప్పు రంగు మరక అవుతుంది. టవల్ వేసేటప్పుడు తెల్లగానే ఉంటుంది, ఉతికాక మెడ, భుజాలు తుడుచుకున్న చోట పసుపు నారింజ మధ్య రంగులో తేలుతుంది. అది చూసి క్లోరిన్ బ్లీచ్ పోస్తే మరక ఇంకా ముదురుతుంది. ముందు గిన్నెల సబ్బు ద్రవం రుద్ది జిడ్డు వదిలించాలి, ఆ తర్వాత నిమ్మ ఉప్పు నీళ్లలో గానీ, బట్టల తుప్పు మరకలకు అమ్మే మందులో గానీ నానబెట్టాలి. ఇవి ఆమ్లాలు. ఆమ్లాన్నీ బ్లీచ్‌నూ ఎప్పుడూ కలపకండి, విష వాయువు వస్తుంది. ఒకటి వాడిన గుడ్డను బాగా జాడించకుండా రెండోదాంట్లో వేయడం కూడా కలపడమే.

రంగు టవల్ మీద లేత నారింజ రంగు మచ్చలు పడి, ఏం చేసినా పోవడం లేదంటే అవి మరకలు కావు. మొటిమల క్రీముల్లో ఉండే బెంజోయిల్ పెరాక్సైడ్ రంగును తినేసింది. పోయిన రంగు తిరిగి రాదు. నేను చూసుకునే ఇళ్లలో టవళ్లన్నీ తెల్లవే ఉంచడానికి సగం కారణం ఇదే. రెండో సగం, తెల్లవైతే ఏ సెట్‌లోది ఏ సెట్‌తోనైనా కలుస్తుంది. మేకప్ తుడుచుకోవడానికి మాత్రం ముదురు రంగు చిన్న గుడ్డలు వేరుగా పెట్టి, పక్కన చిన్న చీటీ ఉంచండి. మస్కారా తెల్ల టవళ్ల జోలికి రావడం బాగా తగ్గుతుంది. టవళ్లకు ఫ్యాబ్రిక్ సాఫ్ట్‌నర్ వద్దు. అది దారాల మీద పొరలా పేరుకుంటుంది, చేతికి మెత్తగా ఉన్నా ఒంటి మీది నీళ్లు పీల్చదు.

షీటు, ప్రొటెక్టర్ తీసిన ఆ నిమిషంలోనే పరుపు అంచుల కుట్లు, తలవైపు మూలలు సెల్‌ఫోన్ లైటుతో చూడండి. కుట్టు వెంబడి పెన్ను మొన ఆనించినట్టు నల్లటి చుక్కలు, లేత గోధుమ రంగు పొట్టులు కనిపిస్తే నల్లులున్నట్టే. తడి గుడ్డతో అద్దితే ఆ చుక్కలు సిరా లాగా పాకుతాయి. అలా కనిపిస్తే ఆ రోజు బుకింగ్ ఆపాల్సిందే. ఆ బట్టల్ని గదిలోనే సంచిలో వేసి మూతి కట్టి తీసుకెళ్లాలి, అరగంట పాటు డ్రయర్ గరిష్ఠ వేడిలో తిప్పితే గుడ్లతో సహా చస్తాయి. గదికి మాత్రం పురుగుల మందు కొట్టే నిపుణులే రావాలి.

డ్యామేజీ: కనిపించేది కాదు, కదిలింది చూడండి

ఇప్పుడు మొదటి పావుగంట సంగతి. ఇల్లు సర్దడం మొదలుపెట్టాక ఏం పాడైందో ఎవరు పాడు చేశారో తేల్చలేం. తుడిచిన నేల మీద ఫొటో తీస్తే ఆ గీత మీ మాప్ బకెట్‌ది కావచ్చు కదా అని అవతలివాళ్లు అడుగుతారు. వాళ్లు అడిగేదాంట్లో న్యాయం ఉంది. అందుకే చెప్పుల స్టాండ్ దగ్గర నుంచి మొదలుపెట్టి, ఏదీ ముట్టుకోకుండా ప్రతి గదినీ రెండు ఎదురెదురు మూలల నుంచి ఫొటో తీయండి. తేదీ, టైమ్ ఫోన్ దానంతటదే రాసుకుంటుంది.

ఆ తర్వాత వెతకడం. విరిగిన కుర్చీ ఎలాగూ కనిపిస్తుంది. ఇబ్బంది దాచినవాటితోనే, అవి కనిపించేది చోటు మారిన వస్తువు కింద. ఒక ఇంట్లో వంటింటి గట్టు మీద కూరగాయలు తరిగే చెక్క ఎప్పుడూ సింకు కుడిపక్కన గోడకు ఆనించి ఉంటుంది. ఒకసారి వెళ్లేసరికి అది పొయ్యికి ఎడమ పక్కన, గట్టు మీద పడుకోబెట్టి ఉంది. మిగతా వంటిల్లు మాత్రం మామూలు గెస్టులు వదిలేదాని కన్నా శుభ్రంగా తుడిచి ఉంది. చెక్క ఎత్తితే కింద పెనం అంత గుండ్రటి కాలిన మచ్చ, అంచు గోధుమ రంగులో, మధ్యలో లామినేట్ చిన్న పొంగు పొంగి ఉంది. ముందు చెక్క ఉన్నచోటే ఉండగా ఒక ఫొటో, చెక్క తీశాక దూరం నుంచి ఒకటి, పక్కన స్కేలు పెట్టి దగ్గర నుంచి ఒకటి తీశాం. అంతకు ముందు టర్నోవర్‌లో, అంటే ఒక గెస్ట్ వెళ్లి ఇంకొకరు వచ్చే మధ్య ఇల్లు సర్దినప్పుడు, చివర్లో తీసిన అదే గట్టు ఫొటోలో మచ్చ లేదు. ఆ రెండు ఫొటోలు పక్కపక్కన పెట్టి పంపితే గెస్ట్ మారు మాట్లాడకుండా ఒప్పుకున్నారు.

కాబట్టి మీ చివరి రౌండ్ ఫొటోలే తర్వాతి గెస్ట్‌కు ముందు ఫొటోలు. రెండుసార్లూ అవే మూలల నుంచి తీయండి. చోటు మారిన రగ్గు, తిరగేసిన కుషన్, గోడకు దగ్గరగా జరిగిన సోఫా, కొత్త చోట పూలకుండీ, మంచి రోజైనా తెరవని కిటికీ కర్టెన్: వీటి కిందా వెనకా చూడండి. టీవీ ఆన్ చేసి చూడాలి, ఆఫ్‌లో ఉన్న స్క్రీన్ మీద పగులు వెలుతురులో తెలియదు. రిమోట్ పనిచేస్తోందా, షవర్ గ్లాస్ తలుపు సాఫీగా జరుగుతోందా, మంచం పలకలు విరిగాయేమో పరుపు మీద చేత్తో నొక్కి, అన్నీ చూసుకోండి.

పొగ అలారం తలెత్తి చూడడం కూడా ఈ రౌండ్‌లోదే. వంటింట్లో పొగకు అది అరిస్తే విసుగొచ్చి బ్యాటరీ తీసేసేవాళ్లు, మొత్తం ఊడదీసి సొరుగులో పెట్టేసేవాళ్లు ఉంటారు. ప్రతి టర్నోవర్‌కూ టెస్ట్ బటన్ నొక్కండి. గ్యాస్ గీజరో, హీటరో ఉంటే కార్బన్ మోనాక్సైడ్ అలారం కూడా.

దేనికి డబ్బు అడగాలి అన్నది వేరే ప్రశ్న. పగిలిన గ్లాసు, చిరిగిన గలీబు, ఊడిన కప్‌బోర్డ్ పిడి, గోడ మీద సూట్‌కేస్ గీత: ఇవి వాడకంలో వచ్చేవే, వీటి ఖర్చు అద్దెలోనే కలుపుకోవాలి. నేను అడిగేది బాగు చేయడానికి బయటి మనిషి రావాల్సి వచ్చినప్పుడు, లేదా వస్తువు మొత్తం మార్చాల్సి వచ్చినప్పుడు. అడిగేది ఉంటే ఆలస్యం చేయకండి. ఎయిర్‌బిఎన్‌బి ద్వారా వచ్చిన బుకింగ్ అయితే ఆ గెస్ట్ చెక్ అవుట్ అయిన 14 రోజుల లోపే నష్టపరిహారం అడగాలి. గడువు ఉంది కదా అని ఆగితే మధ్యలో ఇంకో గెస్ట్ దిగుతారు, అప్పుడు ఎవరి పని అన్నది తేల్చడం కష్టం. ఆ రోజే ఫొటోలు, వస్తువు కొన్న రసీదు, బాగు చేసే మనిషి ఇచ్చిన అంచనా కలిపి పెట్టేయండి.

మర్చిపోయిన వస్తువులు కూడా ఈ పావుగంటలోనే వెతకండి. దిండ్ల కింద, మంచం కింద, తలుపు వెనక కొక్కేనికి, గోడ సాకెట్లలో, ఫ్రిజ్ తలుపులో, లాకర్‌లో. దొరికినదాన్ని ఉన్నచోట ఫొటో తీసి, పేరు, తేదీ రాసిన కవర్లో పెట్టి వెంటనే మెసేజ్ చేస్తే, వాళ్లు ఇంకా దారిలో ఉండగానే వెనక్కి రావచ్చు.

క్లీనింగ్‌లో రెండే సూత్రాలు

క్లీనింగ్ ఎలా చేయాలో మీకు తెలుసు, కాబట్టి టైమ్ మిగిల్చేవి మాత్రం చెప్తాను. మొదటిది, పొడి పని అయ్యాకే తడి పని. బాత్రూమ్‌లో నీళ్లు చల్లే ముందే నేల, మూలలు, జాలీ దగ్గర వెంట్రుకలన్నీ వ్యాక్యూమ్‌తో లాగేయండి. ఒకసారి తడిస్తే అవి గుడ్డకు అంటుకుని పింగాణీ మీదే తిరుగుతాయి. గెస్ట్ ఫిర్యాదుల్లో మొదటి వరుసలో ఉండేది ఒక్క వెంట్రుకే.

రెండోది, మందుకు టైమ్ ఇవ్వడం. క్రిమిసంహారక స్ప్రే కొట్టిన వెంటనే తుడిచేస్తే అది క్రిములను చంపదు, మనం తడిపి తుడిచామంతే. సీసా మీద ఎన్ని నిమిషాలు తడిగా ఉంచాలో రాసి ఉంటుంది, చాలావాటికి ఐదు నుంచి పది నిమిషాలు. అందుకే వెంట్రుకలు తీశాక రెండు బాత్రూముల్లోనూ స్ప్రే కొట్టేసి, తలుపు తీసిపెట్టి, వంటింట్లోకి వెళ్లండి. ఫ్రిజ్, గట్టు అయ్యాక తిరిగొచ్చేసరికి అంటుకున్న మురికి కూడా మెత్తబడి ఉంటుంది, తక్కువ బలంతో వదులుతుంది. బాత్రూమ్‌కు, వంటింటికి వేరు రంగు గుడ్డలు వాడాలని చెప్పనక్కర్లేదనుకుంటాను.

వంటింట్లో కళ్లకు కనిపించేదాని కన్నా తలుపుల వెనక ఉన్నదే ముఖ్యం. కడగకుండా లోపల పెట్టేసిన పెనం, డిష్‌వాషర్‌లో వదిలేసిన గిన్నెలు, ఓవెన్ ట్రే అడుగున కారిన నూనె, కెటిల్ లోపల, చెత్త డబ్బాలో కవర్ కింద పడిన తడి. ప్రతి కప్‌బోర్డ్ ఒకసారి తెరిచి మూయండి. గ్లాసు కడిగినట్టే ఉన్నా అంచును వెలుగు వైపు ఎత్తి చూస్తే పెదవుల ముద్ర తెలుస్తుంది.

సామాన్లు: ఎంత ఉందో కాదు, ఎంత ఉండాలో రాసుకోండి

సామాను అయిపోవడానికి మామూలు కారణం చెక్‌లిస్ట్‌లో "టాయిలెట్ పేపర్ చూడాలి" అని ఉండడమే. చూస్తే ఉన్నట్టే అనిపిస్తుంది. "ఒక్కో బాత్రూమ్‌లో స్టాండ్‌కు ఒక కొత్త రోల్, పక్కన రెండు" అని రాయండి. అప్పుడు అది ఊహ కాదు, లెక్క అవుతుంది. సగం వాడిన రోల్‌ను తీసేసి మీ క్లీనింగ్ బకెట్‌లో వేసుకోండి, వృథా కాదు. అదే పద్ధతిలో గిన్నెల సబ్బు సీసా సగానికి పైన, కొత్త స్పాంజి ఒకటి, చెత్త కవర్లు రోజుకు ఒకటి చొప్పున పైన ఇంకో రెండు, డిష్‌వాషర్ ట్యాబ్లెట్లు రాత్రికి ఒకటి, చేతి సబ్బు, షాంపూ పంపు సీసాలు మూడొంతుల పైన. సంఖ్యలు మీ ఇంటికి మీరు మార్చుకోండి, కానీ సంఖ్యే రాయండి.

పాత గెస్ట్ తెరిచి వదిలిన తినేవి, తాగేవి అన్నీ పడేయండి. ఉప్పు, పంచదార మీరే పెడుతుంటే చిన్న ప్యాకెట్లు నయం, సీసాలో ఎవరు తడి చెంచా పెట్టారో మనకు తెలియదు.

నిల్వ సామాను తాళం వేసిన అల్మారాలో ఉంచండి. గెస్ట్‌కు అందుబాటులో ఉంటే ఎంత ఉంటే అంత వాడుకుంటారు, అది వాళ్ల తప్పు కాదు. ఆ అల్మారాలో ప్రతి రకానికీ ఆఖరి ప్యాకెట్ మీద పెద్ద అక్షరాలతో "కొనాలి" అని చీటీ అంటించండి. ఆ ప్యాకెట్ తెరిచిన మనిషి ఆ చీటీ ఫొటో తీసి గ్రూప్‌లో పెట్టాలి. ఇంకా ఒక ప్యాకెట్ చేతిలో ఉండగానే కొనే పని మొదలవుతుంది. సామాను లెక్క ఎప్పుడూ వెళ్లేటప్పుడు చూసుకోండి. వచ్చిన వెంటనే చూస్తే మధ్యలో వాడినవి లెక్కలోకి రావు. బ్యాటరీలు, ఒక బల్బు, ఒక టాయిలెట్ ప్లంజర్ కూడా ఆ అల్మారాలో ఉండాలి. రాత్రి తొమ్మిదికి ఫోన్ వచ్చేది ఈ మూడింటి గురించే.

చివరి రౌండ్

మాప్ బకెట్, సంచులు బయట పెట్టేశాక తలుపు మూసి, కొత్త మనిషిలా మళ్లీ తెరవండి. ముందు వాసన. బ్లీచ్ వాసన ఘాటుగా ఉంటే కిటికీలు తెరవాలి, సెంటు కొట్టి కప్పేయకండి, కొంతమందికి అది పడదు. ప్రతి స్విచ్ వేయండి, వేడి నీళ్లు వచ్చేదాకా కుళాయి వదలండి, రెండు బాత్రూముల్లోనూ ఫ్లష్ చేయండి. వైఫైకి ఫోన్ ఒకసారి కలపండి, చీటీ మీద ఉన్న పాస్‌వర్డ్‌తోనే. ఆ తర్వాత పక్క మీద తల దించి దిండు ఎత్తు నుంచి చూడండి, కమోడ్ దగ్గర కూర్చున్న ఎత్తు నుంచి చూడండి. ల్యాంప్ కింద దుమ్ము, తలుపు వెనక బూజు, సింకు అడుగు పైపు మీద వెంట్రుక నిలబడినప్పుడు కనిపించవు. గెస్ట్ చూసేది ఆ ఎత్తుల నుంచే.

తర్వాత గదికి రెండు ఫొటోలు, వంటింటి గట్టు, టీవీ, సోఫా దగ్గర నుంచి ఒక్కోటి. తాళం కోడ్ మార్చడం మర్చిపోకండి, మామూలు తాళమైతే తాళంచెవుల లెక్క చూసుకోండి. ఏసీ, హీటర్ వచ్చేవాళ్లకు సరిపడేలా పెట్టి, బయటికి వెళ్తూ చెత్త తీసుకెళ్లండి.

మీ ఐదు గంటల్ని ఇద్దరు మనుషులతో పరిస్తే ఇలా ఉంటుంది. 11:00 నుంచి 11:15 ఫొటోలు, డ్యామేజీ, మర్చిపోయినవి. 11:35 వరకు పక్కలు ఊడదీయడం, మరకలు వేరు చేయడం, పరుపు చూడడం. అప్పుడు ఒకరు బాత్రూముల్లో వెంట్రుకలు తీసి స్ప్రే కొట్టి పక్కలు వేయడానికి వెళ్తారు, ఇంకొకరు వంటింట్లోకి. 12:30కి బాత్రూములు కడగడం. 1:15కి దుమ్ము తుడవడం, వ్యాక్యూమ్, ఆఖర్న మాప్. 2:00కి సామాన్లు. 2:20కి చివరి రౌండ్. 2:45కి తాళం. మిగిలిన గంటంపావు ఆలస్యంగా వెళ్లే గెస్ట్ కోసం, ఊడిన కుళాయి కోసం, వదలని మరక కోసం. ఒక్కరే చేస్తే ఆ వెసులుబాటు దాదాపు మొత్తం పోతుంది కాబట్టి, వెంటవెంటనే బుకింగ్ ఉన్న రోజు మాత్రం రెండో మనిషిని పెట్టుకోండి.

పాత గెస్ట్ ఒంటి గంటకు గానీ కదలకపోతే ఏం వదిలేయాలి అన్నది కూడా ముందే రాసుకోండి, ఆ హడావుడిలో ఆలోచించలేం. నేను వదిలేసేవి: కిటికీ అద్దాలు, ఓవెన్ లోపల (పైకి మురికి కనిపించకపోతేనే), సోఫా కింద వ్యాక్యూమ్, బాల్కనీ కడగడం. ఎంత తొందరైనా వదలనివి: మొదటి ఫొటోలు, తాజా పక్కలు, టవళ్లు, బాత్రూములు, ఫ్రిజ్, అలారం బటన్, తాళం కోడ్. వచ్చేవాళ్లకు 2:30కే మెసేజ్ పెట్టి, సామాన్లు మాత్రం లోపల పెట్టుకోనిచ్చి, అరగంట ఆగమని అడిగితే చాలామంది ఏమీ అనుకోరు. వాళ్లు 4కి తలుపు దగ్గరికి వచ్చాక చెప్తే మాత్రం రివ్యూలో అదే మొదటి వాక్యం అవుతుంది.